ఉద్యోగంలో ఉంటూనే మరో ఉద్యోగ ప్రయత్నం

ఉద్యోగంలో ఉంటూ మరొక ఉద్యోగం కోసం ప్రయత్నించేవారికి రెండు అవసరాలు ఒకేసారి ఎదురవుతాయి. తమ ప్రయత్నం యజమాని చెవిన పడకూడదు. తమ ప్రతిభ మాత్రం పదిమంది దృష్టిలో పడాలి. ఈ రెండింటికీ పొసగదని తలచి కొందరు పూర్తిగా మౌనం వహిస్తారు, మరికొందరు బహిరంగంగా చాటుకుంటారు. రెండూ సరైన మార్గాలు కావని మా అభిప్రాయం. చేసే పని అందరికీ కనబడవచ్చు; మారాలన్న ఉద్దేశం మాత్రం కొందరికే తెలియాలి.

మా కళాశాల పూర్వ విద్యార్థి ఒకరి అనుభవాన్ని ఇక్కడ వివరిస్తాము. అతడు బి.కాం. ముగించి హైదరాబాదులోని ఒక ప్రైవేటు సంస్థ లెక్కల విభాగంలో చేరాడు. ఇంటి అద్దె, చెల్లెలి చదువు అతని జీతం మీదనే నడిచేవి. ఏడాదిగా లింక్డ్‌ఇన్ వైపు తొంగిచూడని అతడు ఒక ఆదివారం రాత్రి కూర్చుని, కొత్త ఫొటో పెట్టి, తన వివరాలన్నీ తిరగరాసి, ఫొటో చుట్టూ #OpenToWork అనే ఆకుపచ్చ వలయం తగిలించాడు. మర్నాడు పై అధికారి పిలిచి, "ఏమయ్యా, వెళ్ళిపోతున్నావటగా?" అన్నారు. ఉద్యోగం పోలేదు గాని, ఆ ఏటి జీతం పెంపు అతనికి దక్కలేదు.

లోపం ఎక్కడ జరిగింది? ఆ వలయం సభ్యులందరికీ కనబడుతుంది. దానికి బదులు Recruiters only అన్న ఎంపిక ఉన్నది. అప్పుడు నియామకాల పని చేసేవారికి మాత్రమే ఆ సంగతి తెలుస్తుంది. మన సంస్థకు చెందిన నియామకాధికారులకు కనబడకుండా ఉంచడానికి లింక్డ్‌ఇన్ ప్రయత్నిస్తుంది. అయితే పూర్తి గోప్యతకు హామీ ఇవ్వలేమని ఆ సంస్థే చెబుతున్నది. బయటి నియామకాధికారి మన అధికారికి మిత్రుడు కావచ్చును గదా! నౌకరీ వంటి చోట్ల మన సంస్థ పేరు చెప్పి దానికి మన వివరాలు కనబడకుండా నిరోధించవచ్చు. కాని మధ్యవర్తులైన కన్సల్టెన్సీలకు ఆ అడ్డు వర్తించదు. "ప్రముఖ సంస్థకు అకౌంటెంట్ కావలెను" అన్న పేరులేని ప్రకటన మన సంస్థదే కావచ్చు. అందుచేత సంస్థ పేరు తెలుసుకోనిదే రెజ్యూమె పంపరాదు; "నా అనుమతి లేకుండా నా వివరాలు ఎవరికీ పంపవద్దు" అని వ్రాతపూర్వకంగా తెలపాలి.

ఆరు నెలల తరువాత అతడు మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి మార్పుల సమాచారం పరిచయస్తులకు వెళ్ళకుండా ముందే ఆపివేసి, వారానికొక వాక్యం చొప్పున తన వివరాలను సవరించాడు. పక్షానికొకసారి తన వృత్తి విషయం ఏదైనా వ్రాసేవాడు: కొనుగోలు పుస్తకానికీ జీఎస్టీఆర్-2బి పట్టికకూ తేడా వచ్చినప్పుడు దానిని ఎలా వెదకాలి అన్నటువంటిది. అందులో సంస్థ అంకెలు గాని, ఖాతాదారుల పేర్లు గాని ఉండేవి కావు. వాటిని చదివి అతని అధికారి సైతం మెచ్చుకున్నారు. నిరంతరం కనబడే మనిషిలో ఆకస్మిక మార్పు కనబడదు. అనుమానానికి తావిచ్చేది ఆ ఆకస్మికతే.

పూర్వ విద్యార్థుల ఈద్ మిలాప్‌లో కూడా "ఉద్యోగం చూపించండి" అని అతడు అందరినీ అడగలేదు. "భాయ్, మీ ఆఫీసులో జీఎస్టీ పని ఎలా పంచుకుంటారు?" అని సంభాషణ మొదలుపెట్టాడు. నమ్మకస్తులైన ఇద్దరికి మాత్రమే అసలు సంగతి చెప్పి, "మా ఆఫీసులో ఇంకా తెలియదు" అని స్పష్టం చేశాడు. ఆ హెచ్చరిక లేకపోతే మేలు కోరేవారే మాటల సందర్భంలో బయటపెడతారు.

ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ సొంత ఫోనులో, సొంత ఈమెయిలులో నడిపాడు. ఆఫీసు కంప్యూటరులో జరిగేది సంస్థ చూడగలదు. ఇంటర్వ్యూలకు దొంగ అనారోగ్యాలు కల్పించక, తనకు రావలసిన సెలవు వాడుకున్నాడు. తన గురించి చెప్పగలవారుగా మా అధ్యాపకుని పేరు ఇచ్చి, ప్రస్తుత సంస్థను నియామకం ఖాయమైన పిదపనే సంప్రదించమని కోరాడు. తనకు రెండు నెలల నోటీసు గడువు ఉన్నదని మొదటి ఇంటర్వ్యూలోనే తెలిపాడు. నియామక పత్రం చేతికి వచ్చాకనే రాజీనామా ఇచ్చాడు.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్నా రహస్యం బయటపడవచ్చు. అధికారి సూటిగా అడిగితే అబద్ధమాడరాదని మా సలహా. "అవకాశాలను గమనిస్తున్నాను, చేతిలో ఉన్న పనికి మాత్రం లోటు రానీయను" అంటే చాలును. పనిలో నిజంగా లోటు లేనప్పుడే ఆ మాటకు విలువ ఉంటుంది.