కొవ్వు కరిగించే నెలల్లో ఒక తేలిక వారం

బరువు తగ్గాలని జిమ్‌లో చేరినవాళ్లకు మొదటి నెల హుషారుగానే గడుస్తుంది. రెండో నెల నడుస్తుండగా కొందరికి మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టేస్తుంది. నిద్ర మధ్యలో తెగిపోతుంది. నిన్నటిదాకా అలవోకగా లేపిన బరువు కదలనంటుంది. బద్ధకం పెరిగిందనుకుని ట్రెడ్‌మిల్ మీద మరో అరగంట కలుపుతారు. గాయాలకు దారి పడేది అక్కడే.

తిండి తగ్గించినప్పుడు కండరాల్లోని గ్లైకోజెన్ నిల్వ తగ్గుతుంది, వ్యాయామంలో నలిగిన కండరం కోలుకోవడం ఆలస్యమవుతుంది. కండరాన్ని ఎముకకు కట్టిపట్టే టెండన్లు మామూలు రోజుల్లోనే కండరంకంటే నిదానంగా బలపడతాయి. ఈ వెనుకబాటు తీరడానికి ముందే క్యాలెండర్‌లో రాసిపెట్టుకునే తేలిక వారమే డీలోడ్.

80 కిలోల బరువున్న ఒక ఉద్యోగి 16 వారాల్లో ఆరు కిలోలు తగ్గాలనుకున్నాడనుకుందాం. రోజూ అవసరానికంటే 450 క్యాలరీలు తక్కువ తింటూ, వారానికి నాలుగు రోజులు జిమ్‌కి వెళ్తాడు. ఆరో వారం, పన్నెండో వారం డీలోడ్‌కి కేటాయించుకున్నాడు. మామూలుగా 60 కిలోలతో ఎనిమిదేసి రెప్స్ చొప్పున నాలుగు సెట్ల స్క్వాట్లు చేసేవాడు, ఆ వారం అదే 60 కిలోలతో ఐదేసి చొప్పున రెండు సెట్లతో ఆపేస్తాడు. బరువు అలాగే ఉంచడానికి కారణముంది: తిండి తక్కువైన రోజుల్లో కండరాన్ని నిలిపి ఉంచేది ఆ బరువే. అలసట పెంచేది ముఖ్యంగా సెట్ల సంఖ్య. కీలు నొప్పిగా ఉంటే మాత్రం బరువు కూడా తగ్గించుకోవాలి. రోజువారీ నడక మానక్కర్లేదు, పరుగులు ఆపితే చాలు.

చాలామంది పొరపడేది తిండి దగ్గర. వ్యాయామం తగ్గింది కదా అని అన్నం ఇంకా తగ్గిస్తే ఆ వారం వృథా. శరీరానికి ఎంత అవసరమో అంతా తినాలి. రోజూ వండే బియ్యానికి మరో 100 గ్రాములు కలిపితే సుమారు 350 క్యాలరీలు వస్తాయి, ఒక అరటిపండుతో లోటు దాదాపు పూడుతుంది. పప్పు, గుడ్లు, పెరుగు ఎప్పటిలాగే ఉండాలి.

ఆ వారం బరువు చూసుకుంటే కిలో దాకా పెరిగి కనిపించవచ్చు. గ్లైకోజెన్ తనతోపాటు నీటిని పట్టి ఉంచుతుంది. ఆ పెరుగుదలలో చాలావరకు ఈ నీళ్లే. కంగారుపడి మధ్యలో ఉపవాసాలు మొదలుపెట్టకూడదు.

క్యాలెండర్‌లో రాసుకున్న వారం వచ్చేదాకా ఆగలేని సందర్భాలూ ఉంటాయి. ఉదయం లేవగానే చూసుకునే నాడి కొన్ని రోజులపాటు మామూలుకంటే ఎక్కువగా ఉండి, వరుసగా రెండు మూడుసార్లు పాత బరువే లేపలేకపోతే, డీలోడ్‌ను ముందుకు జరుపుకోవాలి.

ఏడో వారం మూడు సెట్లతో మొదలుపెట్టి, ఆ తర్వాతి వారం నాలుగుకు వెళ్లాలి. తేలిక వారం తర్వాత కూడా మోకాలు అలాగే నొప్పి పెడుతుంటే ఫిజియోథెరపిస్టుకు చూపించాలి. ఎముక మీద ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి వచ్చినా, స్త్రీలకు నెలసరి ఆగిపోయినా డీలోడ్‌తో సరిపెట్టకుండా డాక్టరును కలవాలి.