ఇనుము దాటాక రెండు దారులు

నక్షత్రాల కడుపులో తేలిక కేంద్రకాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతూ ఇనుము దాకా పెరుగుతాయి. ఆపైన కలిపితే శక్తి రాదు సరికదా, ఎదురు ఖర్చు. పైగా బరువైన కేంద్రకాల్లోని ప్రోటాన్లు దగ్గరికొచ్చిన ఏ ప్రోటాన్‌నైనా గట్టిగా నెట్టేస్తాయి. న్యూట్రాన్‌కు ఆ బాధ లేదు. విద్యుదావేశం లేదు కాబట్టి తిన్నగా లోపలికి దూరిపోతుంది. బంగారం, సీసం, యురేనియం లాంటివి చాలావరకు పుట్టింది ఈ దొడ్డిదారినే.

ఇనుము-58 ఒక న్యూట్రాన్‌ను మింగితే ఇనుము-59 అవుతుంది. దానికి నిలకడ లేదు, అర్ధాయువు సుమారు 44 రోజులే. లోపలి న్యూట్రాన్ ఒకటి ప్రోటాన్‌గా మారిపోయి, ఇనుము కాస్తా కోబాల్ట్-59 అవుతుంది. ఆ మార్పు జరిగేలోగా రెండో న్యూట్రాన్ వచ్చి తగులుతుందా, లేదా? కథంతా అక్కడే ఉంది.

వయసు మళ్ళిన ఎర్ర మహాతారల్లో సాధారణంగా తగలదు. అక్కడ కార్బన్-13, హీలియం కేంద్రకాలు కలిసినప్పుడు న్యూట్రాన్లు విడుదలవుతాయి గానీ, ధార సన్నం. ఒక కేంద్రకానికి రెండో న్యూట్రాన్ దొరికేసరికి ఏళ్ళు గడిచిపోవచ్చు. ఈలోగా కోబాల్ట్ తయారై కూర్చుంటుంది. అలా ఒక్కో మెట్టే ఎక్కుతూ స్ట్రాన్షియం, బేరియం, సీసం దాకా చేరడానికి వేల ఏళ్ళు పడుతుంది. ఇదే మంద ప్రక్రియ.

ఇది ఊహ కాదనడానికి నాకు అన్నిటికన్నా నచ్చిన సాక్ష్యం టెక్నీషియం. నిలకడైన రూపమే లేని మూలకమిది. ఈ దారిలో పుట్టే టెక్నీషియం-99 అర్ధాయువు రెండు లక్షల ఏళ్ళ పైచిలుకు మాత్రమే. 1952లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త పాల్ మెరిల్ కొన్ని ఎర్ర తారల వర్ణపటంలో దాని గీతలు పట్టుకున్నాడు. ఆ తారల వయసు ముందు రెండు లక్షల ఏళ్ళు ఏపాటి? పుట్టుకతో వచ్చిందైతే ఎప్పుడో కరిగిపోయేది. అంటే, తారే దాన్ని లోపల వండి పైకి తెచ్చుకుంది.

ఈ దారి బిస్మత్-209 దగ్గర మూసుకుపోతుంది. అది న్యూట్రాన్‌ను తీసుకుంటే కొద్ది రోజుల్లో పొలోనియం-210 అవుతుంది, పొలోనియం ఆల్ఫా కణాన్ని విసిరేసి మళ్ళీ సీసానికి జారిపోతుంది. థోరియం, యురేనియం చేరాలంటే ఈ గుంటను ఒక్క ఊపున దూకాల్సిందే.

ఆ ఊపు వేగ ప్రక్రియలో ఉంది. ఘన సెంటీమీటరుకు న్యూట్రాన్లు కోటి కోట్ల కోట్లకు మించితే, ఇనుము-59కి మారేంత తీరికే ఉండదు. సెకను తిరిగేలోగా పదుల కొద్దీ న్యూట్రాన్లు వచ్చి పడతాయి. ఉప్పెన తగ్గాక ఉబ్బిన కేంద్రకాలు ఒక్కొక్క న్యూట్రాన్‌నే ప్రోటాన్‌గా మార్చుకుంటూ బంగారంగా, ప్లాటినంగా, యురేనియంగా కుదుటపడతాయి.

ఇలాంటి చోటు 2017 ఆగస్టు 17న కంటపడింది. సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్న గురుత్వ తరంగాలు లైగో, వర్గో పరికరాలకు అందాయి. ఆ తర్వాత కనిపించిన వెలుగు మొదట నీలంగా ఉండి, కొద్ది రోజుల్లోనే ఎర్రబడింది. నీలి కాంతిని బాగా మింగేసే లాంథనైడ్ మూలకాలు అక్కడ పుట్టాయని శాస్త్రవేత్తలు గ్రహించింది అలాగే. 2019లో ఆ వెలుగులో స్ట్రాన్షియం ఆనవాలునూ పోల్చారు. బంగారం గీత మాత్రం సూటిగా దొరకలేదు.

చిక్కు ఇంకొకటుంది. జంట న్యూట్రాన్ తారలు ఢీకొనడానికి సాధారణంగా చాలాకాలం పడుతుంది. మన పాలపుంతలోని అతి పాత తారల్లో కొన్నిటిలో అప్పటికే వేగ ప్రక్రియ సరుకైన యూరోపియం ఉంది. అందుకే కొన్ని అరుదైన సూపర్‌నోవాలకూ ఇందులో వాటా ఉండి ఉంటుందని కొందరు శాస్త్రవేత్తలు అనుమానిస్తున్నారు.