బెంగ ఎవరిది, లోటు దేనిది?

ఫ్రెంచి నేర్చుకుంటున్న మనవాళ్లు మొదట్లో ఒక చిన్న వాక్యం దగ్గర తడబడతారు: ‘తు మ మాంక్’. ‘తు’ అంటే నువ్వు, ‘మ’ అంటే నాకు, ‘మాంక్’ అంటే లోటుగా ఉండడం. మొత్తం కలిపితే ‘నీ మీద బెంగగా ఉంది’ అని. ఇందులో కర్త బెంగపడే మనిషి కాదు, దూరంగా ఉన్న మనిషి.

చిక్కు ఇంగ్లీషు మీదుగా వచ్చినప్పుడే. ‘ఐ మిస్ యూ’లో కర్త నేను. ఆ వరసలోనే ఒక్కో మాటనీ మార్చుకుంటూ పోతే ‘జ త మాంక్’ వస్తుంది. అప్పుడు అర్థం తలకిందులై ‘నా మీద నీకు బెంగగా ఉంది’ అవుతుంది. లియోన్‌లో చదువుకుంటున్న మన అమ్మాయి ఒకతె, సెలవులకు ఊరెళ్లిన ఫ్రెంచి స్నేహితురాలికి ఫోన్ చేసి ప్రేమగా ఈ మాట అందనుకోండి. తన బెంగ చెప్పబోయి, అవతలి పిల్లకే బెంగ అంటగట్టినట్టవుతుంది. తప్పు చెవికి తెలిసేలా కూడా ఉండదు. రాసేటప్పుడు ‘తు’ పక్కన క్రియ చివర ఒక అక్షరం చేరుతుంది కానీ, పలికితే రెండుచోట్లా ‘మాంక్’ అనే వినిపిస్తుంది. అమ్మానాన్నల మీద బెంగ అని చెప్పే ‘మే పరాఁ మ మాంక్’లో కర్త బహువచనమైనా అదే శబ్దం. ఎవరి బెంగో తేల్చేది ముందున్న ఆ చిన్న సర్వనామాలే.

నిజానికి మనకు ఇంగ్లీషు తోవ అక్కర్లేదు. ‘నాకు నువ్వు గుర్తొస్తున్నావు’ అంటాం కదా. అందులో కర్త నువ్వే, క్రియ నడిచేది నీతోనే, నేను ‘నాకు’ అయి ఒక పక్కన ఉంటాను. ఫ్రెంచి వాక్యం అల్లికా అచ్చంగా ఇదే. దీన్ని తెలుగు పిల్లలకు తెలుగులోంచే చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అయితే ఫ్రెంచివాళ్లు ఇదే క్రియను డబ్బుకీ సమయానికీ రైలుకీ కూడా వాడతారు. తేడా అంతా వాక్యం కట్టడంలోనే. టైము చాలడం లేదనడానికి ‘జ మాంక్ ద తాఁ’ అంటారు. ఇక్కడ నేనే కర్త, కొరవడినదాని ముందు ‘ద’ వస్తుంది. రైలు తప్పిపోతే ‘జే మాంకే ల త్రేఁ’. ఇందులో ‘ద’ ఉండదు, రైలు నేరుగా కర్మ. ఇదే పద్ధతిలో రైలు బదులు మనిషి పేరు పెడితే బెంగ అన్న అర్థం రాదు. మనం చేరేసరికి ఆ మనిషి వెళ్లిపోయాడని అర్థం.

జర్మన్‌లో రెండు క్రియలున్నాయి. ‘డు ఫేల్స్ట్ మియర్’ ఫ్రెంచి పద్ధతిదే: నువ్వు నాకు లోటుగా ఉన్నావు. పది యూరోలు తక్కువైనా ఇదే క్రియ. రోగిని ఏమైందని అడిగే డాక్టరు మాట ‘వాస్ ఫేల్ట్ ఈనెన్?’లోనూ ఇదే. అక్కడికి నర్సులుగా వెళ్లే మనవాళ్లు దీన్ని ‘మీకేం కావాలి’ అని అర్థం చేసుకోకూడదు, అడిగేది ఒంట్లో ఏం బాగాలేదని. రెండో క్రియతో ‘ఇష్ ఫెర్మిస్సె డిష్’ అంటే కర్త నేనే, ఇంగ్లీషులాగే. ఉండాల్సిన చోట లేదని గమనించడం దీని అసలు అర్థం. అందుకే తాళాలు కనిపించకపోయినా, ఆచూకీ తెలియని మనిషి గురించి చెప్పాలన్నా ఈ క్రియే పలుకుతుంది.

మనిషి మీద బెంగనూ వస్తువు కొరతనూ బాగా విడదీసింది స్పానిష్. స్పెయిన్‌లో ‘తె ఎచో దె మెనోస్’, లాటిన్ అమెరికాలో ఎక్కువగా ‘తె ఎస్త్రాన్యో’. ఈ రెండూ మనుషుల మీదా, ఊరి మీదా, అమ్మ వంట మీదా బెంగకు సరిపోతాయి. చేతిలో డబ్బు తక్కువైందనడానికి పనికిరావు, దానికి ‘మె ఫాల్తా’ అనే వేరే మాట ఉంది. మధ్యలో ఇంకొకటి, ‘మె ఆసెస్ ఫాల్తా’: నువ్వు నాకు కావాలి, నువ్వు లేకపోతే నాకు జరగదు. బెంగకన్నా అవసరం బరువు ఇందులో ఎక్కువ. డబ్బు కావాలన్నా ఇదే పలుకుబడి వాడతారు కాబట్టి, ప్రేమతో చెబుతున్నారా పని మీద చెబుతున్నారా అనేది సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి.

తెలుగులో ‘లోటు’ కూడా మనిషికీ లెక్కకీ కలిసే నడుస్తుంది. బడ్జెట్ లోటు, వర్షపాతం లోటు, నువ్వు లేని లోటు. కానీ ‘తీరని లోటు’ అని సంతాప సభల్లో అని అని, ఆ మాటకు చావు కబురు వాసన పట్టుకుంది. బతికున్నవాళ్లకు రాసే ఉత్తరంలో దాన్ని వాడాలంటే చెయ్యి వెనకాడుతుంది. అమ్మ మీద బెంగ పెట్టుకున్న హాస్టలు పిల్లాడికి ఆ ఇబ్బంది లేదు, ‘బెంగ’ అన్న మాట చాలు. దాన్ని ఏ బడ్జెట్‌కీ తగిలించలేం.