బన్సీలాల్‌పేట్ మెట్ల బావిలో గోల్డెన్ రేషియో ఉందా? నా రీల్‌లో నేను చేసిన తప్పు

ఈసారి ముందు నా తప్పు ఒప్పుకుని మొదలుపెడతా.

కొన్నాళ్ల కింద సికింద్రాబాద్‌లో బన్సీలాల్‌పేట్ మెట్ల బావి దగ్గర ఒక రీల్ చేశాను. ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి, బాగుచేశాక 2022 డిసెంబరులో మళ్లీ తెరిచిన బావి అది. నా ఫొటో మీద నత్తగుల్ల లాంటి ఆ స్పైరల్ పెట్టి, "చూశారా, మనవాళ్లు గోల్డెన్ రేషియోతో కట్టారు" అని చెప్పేశా. అందరూ షేర్ చేశారు. మా మామయ్య మాత్రం, ఆయన మేస్త్రీ, ఒక్కటే అడిగాడు: "ఏ రాయి నుంచి ఏ రాయికి కొలిచావురా?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నేను కొలవలేదు.

అసలు గోల్డెన్ రేషియో అంటే ఏంటో ముందు చూద్దాం. 100 సెంటీమీటర్ల తాడును 61.8 దగ్గర కోయండి. మొత్తం తాడుకీ పెద్ద ముక్కకీ ఉన్న నిష్పత్తి, పెద్ద ముక్కకీ చిన్న ముక్కకీ ఉన్న నిష్పత్తి ఒక్కటే: సుమారు 1.618. ఇది గణితంలో పక్కా నిజం. గొడవంతా దీన్ని కట్టడాల్లో వెతికేటప్పుడే వస్తుంది.

మళ్లీ బావి దగ్గరికి వెళ్లాను. అదే స్తంభాల వరసను పై మెట్టు మీద నిలబడి ఒక ఫొటో, కిందికి దిగి ఒక ఫొటో తీశా. రెండింట్లో ఎత్తుకీ వెడల్పుకీ నిష్పత్తి వేరే వచ్చింది. రాళ్లు కదల్లేదు, కదిలింది నేను. వంపుగా తీసిన ఫొటోలో దూరంగా ఉన్నది చిన్నగా కనిపిస్తుంది కదా. అంటే నా రీల్‌లో కుదిరింది బావి కాదు, నేను నిలబడ్డ చోటు.

సరే, టేపుతోనే కొలిచామనుకుందాం. అప్పుడూ ఒక ఉచ్చు ఉంది. మెట్టు, స్తంభం, దూలం, గోడ, ఇలా పది కొలతలు తీసుకుంటే వాటిని రెండేసి చొప్పున జత కడితే 45 నిష్పత్తులొస్తాయి. అవన్నీ 1 నుంచి 3 దాకా చెల్లాచెదురుగా ఉన్నాయనుకోండి. 1.618కి అయిదు శాతం అటూఇటూ ఉన్నా "కుదిరింది" అని ఒప్పుకుంటే, సుమారు 1.54 నుంచి 1.70 వరకు వచ్చినవన్నీ పాసే. ఊరికే లెక్క వేసినా 45లో మూడో నాలుగో అందులో పడతాయి. ఏ బిల్డింగైనా సరే, మీ ఇల్లైనా సరే! కుదిరినవి చూపించి మిగతా నలభై దాచేస్తే అద్భుతంలాగే ఉంటుంది.

పెద్ద ఉదాహరణ ఏథెన్స్‌లోని పార్థెనాన్. దాని పీఠం వెడల్పు సుమారు 30.9 మీటర్లు, పొడవు 69.5. భాగించండి: 2.25 వస్తుంది, అంటే 9కి 4. ఇది 1.618కి దగ్గర్లో కూడా లేదు. ముందు వైపు బంగారు దీర్ఘచతురస్రం గీసేవాళ్లు కొందరు మెట్లు కలుపుతారు, కొందరు వదిలేస్తారు. గీత ఎక్కడ మొదలవ్వాలో ముందు చెప్పరు, కుదిరాక చెప్తారు. ఈ నిష్పత్తి ప్రకృతికీ కళకీ మూలసూత్రమనే ప్రచారాన్ని బాగా పెంచింది 1854లో జర్మనీలో ఆడాల్ఫ్ జైసింగ్ రాసిన పుస్తకం. పార్థెనాన్ కట్టి అప్పటికే రెండు వేల ఏళ్లు దాటింది.

మరి ఎక్కడా వాడలేదా? వాడారు. చండీగఢ్‌ను డిజైన్ చేసిన లె కోర్బూజియే 'మాడ్యులర్' అనే కొలతల పద్ధతి తయారుచేసి 1950లో పుస్తకంగా వేశాడు. అందులో మనిషి ఎత్తు 183 సెంటీమీటర్లు, బొడ్డు ఎత్తు 113. భాగిస్తే 1.619. ఇక్కడ మనం ఊహించక్కర్లేదు, కట్టినాయనే రాసిపెట్టాడు. సాక్ష్యం అంటే ఇదీ.

అందుకే ఇలాంటి రీల్ కనిపిస్తే మూడు విషయాలు చూడండి. కొలత నేల మీద తీశారా, ఫొటో మీదా? ఎక్కడి నుంచి ఎక్కడికో ముందే చెప్పారా? కట్టినవాళ్లు ఆ నిష్పత్తి అనుకున్నారనడానికి రాత గానీ నక్షా గానీ ఉందా?

చివరికి మామయ్యనే అడిగా, మరి ఆ స్తంభాలు అంత దగ్గరగా ఎందుకున్నాయని. "రాతి దూలం పొడుగైతే మధ్యలో విరుగుతుందిరా, అందుకే దగ్గర దగ్గరగా నిలబెడతారు" అన్నాడు. రాయి నొక్కుడును బాగా తట్టుకుంటుంది, వంగడాన్ని తట్టుకోలేదు. ఆ బావి కట్టినవాళ్లకు తెలిసిన విద్య అది. నేను దాన్ని పక్కకు తోసేసి, వాళ్లు అనుకున్నారో లేదో తెలియని ఒక అంకెకు పేరిచ్చేశా.

ఆ రీల్ తీసేశాను. దాని బదులు ఆ దూలాల మీద కొత్తది చేస్తున్నా. ఈసారి టేపు మామయ్య చేతిలో ఉంటుంది.