రోజుకి నాలుగా, ఆరా? కొత్త సర్వీసుకి ముందు వేయాల్సిన లెక్క

గుంటూరులో ఓ మధ్యస్థాయి డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో పని చేస్తున్నాను. కౌంటర్‌లో ఉండే మా ముగ్గురికీ రోజూ వినిపించే ప్రశ్న ఒకటే: “ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్తారా?” ఆ సర్వీసు మొదలుపెడదామని మేనేజ్‌మెంట్‌ని అడగాలనుకున్నాం. అడగాలంటే ముందు బ్రేక్-ఈవెన్ తెలియాలి. అంటే నెలకి ఎన్ని ఇళ్లకి వెళ్తే లాభం, నష్టం రెండూ లేకుండా ఖర్చులు సరిగ్గా తిరిగొస్తాయో ఆ సంఖ్య.

ముందు ఖర్చుల్ని రెండుగా విడదీశాం. ఒక్క శాంపిల్ రాకపోయినా తప్పనివి మొదటి రకం. టెక్నీషియన్ జీతం, పీఎఫ్‌తో కలిపి 20,000. బండి కిస్తీ 3,500. ఫోను, బుకింగ్ యాప్ 1,500. మొత్తం నెలకి 25,000 రూపాయలు. వెళ్లిన ప్రతిసారీ అయ్యేవి రెండో రకం. కెమికల్స్, ట్యూబులు, సూది, గ్లవ్స్ లాంటివన్నీ కలిపి 270, పెట్రోల్ 30, వెరసి 300.

మా దగ్గర సగటు బిల్లు 600. అందులో 300 పోతే, ఒక్కో ఇంటి నుంచి మిగిలేది 300. నెల ఖర్చు 25,000ని 300తో భాగిస్తే 84 ఇళ్లు. నెలకి 26 పని రోజులు కాబట్టి రోజుకి నాలుగు చాలు. చూడ్డానికి బాగుంది కదా?

కానీ ఇక్కడే ఆగి ఓ ప్రశ్న వేసుకోవాలి. ఈ సర్వీసు లేకపోతే ఆ పేషెంటు ఎలాగూ మన ల్యాబ్‌కే వచ్చేవాడా? వచ్చేవాడైతే ఆ బిల్లు మనకి కొత్త ఆదాయం కాదు. ల్యాబ్‌కి వస్తే అతని మీద 330 మిగిలేది. ఇంటికి మనమే వెళ్తే 300 మిగులుతుంది. అంటే పెట్రోల్ డబ్బులు 30 ఎదురు పోతాయి.

అందుకే రెండు వారాల పాటు హోమ్ కలెక్షన్ అడిగిన ప్రతి ఒక్కరినీ, “లేకపోతే ఇక్కడికే వస్తారా?” అని అడిగి, జవాబు నోట్‌బుక్‌లో రాశాం. పది మందిలో నలుగురు వస్తామన్నారు. ఇప్పుడు లెక్క మారింది. కొత్తవాళ్లు ఆరుగురి వల్ల 1,800 వస్తుంది, పాతవాళ్లు నలుగురి వల్ల 120 పోతుంది. పది ఇళ్లకి నికరంగా 1,680, అంటే ఇంటికి 168. ఈ లెక్కన నెలకి 149 ఇళ్లు, రోజుకి ఆరు కావాలి.

ఆరు కుదురుతుందా? షుగర్, లిపిడ్ టెస్టులకి పరగడుపున శాంపిల్ ఇవ్వాలి కాబట్టి అందరూ పొద్దున ఆరు నుంచి పది మధ్యే రమ్మంటారు. ప్రయాణంతో కలిపి ఒక్కో ఇంటికి అరగంట. ఒక మనిషి ఎనిమిదికి మించి చేయలేడు. ఆరు దాటాలి, ఎనిమిదిలో ఆగాలి. మాకున్న చోటు అంతే.

తొమ్మిదో ఇల్లు వస్తే ఇంకా సంతోషమే అనిపిస్తుంది. కానీ దానికి రెండో మనిషి, రెండో బండి కావాలి. నెల ఖర్చు 48,500 అవుతుంది. అప్పుడు రోజుకి పన్నెండు ఇళ్లు వస్తే గానీ ఒడ్డున పడం. ఎనిమిది ఇళ్లతో నెలకి దాదాపు పదివేలు మిగిలే సర్వీసు, తొమ్మిది ఇళ్లతో తొమ్మిదివేలకి పైగా నష్టంలోకి వెళ్తుంది!

మేం ఈ లెక్కంతా ఒకే పేజీలో పెట్టి, నాలుగు అనే మొదటి సంఖ్యని కూడా దాచకుండా చూపించాం. మా మేడమ్ అడిగిన మొదటి ప్రశ్న, “ఇంటికొచ్చినందుకు యాభై తీసుకుంటే?” అది కూడా వేసి ఉంచాం. సగటున ఇంటికి 218 మిగులుతుంది, నెలకి 115 ఇళ్లు, రోజుకి ఐదు చాలు. అయితే యాభై అనగానే ఎంతమంది వెనక్కి తగ్గుతారో కాగితం చెప్పదు. చేసి చూడాల్సిందే.

అందుకే మూడు నెలల ట్రయల్ అడిగాం. ఒక మనిషి, ఒక బండి, యాభై ఛార్జీ. మూడో నెలలో రోజు సగటు ఐదుకి తగ్గితే ఆపేద్దామని మేమే రాసిచ్చాం. ఆపితే టెక్నీషియన్‌ని ల్యాబ్‌లోకే తీసుకోవాలన్న షరతు కూడా పెట్టాం. పందెం మాది, ఉద్యోగం మాత్రం అతనిది కదా.

మేడమ్ సంతకం పెట్టారు. ఇప్పుడు రెండో నెల నడుస్తోంది, రోజు సగటు నాలుగున్నర. “లేకపోతే ల్యాబ్‌కే వస్తారా?” అన్న ప్రశ్న మాత్రం ప్రతి ఇంట్లోనూ అడుగుతూనే ఉన్నాం. వస్తామనేవాళ్లు నలుగురి నుంచి ఐదుగురైతే, మేం అందుకోవాల్సిన ఐదు ఆరవుతుంది మరి.