పింఛనుదారు పోయాక భార్య బ్యాంకుకు ఏం తీసుకెళ్లాలి?

పెద్దకర్మ అయి, వచ్చిన చుట్టాలు వెళ్లిపోయాక ఇంట్లో ఒక ఫైలు బయటికి వస్తుంది. ఆయన పింఛను కాగితాలు, పాత పాస్‌బుక్కులు, ఆధార్ నకళ్లు, ఎప్పటివో రసీదులు అన్నీ అందులోనే ఉంటాయి. భర్త పింఛను మీద గడిచిన ఇల్లాలికి ఇకమీదట నెలనెలా ఎంత వస్తుంది, అది ఎవరిని అడగాలి అన్నది తెలియదు. కొడుకో అల్లుడో వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళతారు. కౌంటరులో ఒకరు వారసుల సర్టిఫికెట్ కావాలంటారు. ఇంకొకరు కొత్త ఖాతా తెరవమంటారు. నిజానికి చాలామందికి ఈ రెండింటితోనూ పని లేదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి, బ్యాంకు ద్వారా పింఛను తీసుకుంటూ కన్నుమూసిన వ్యక్తి భార్య విషయం ఇక్కడ చూద్దాం. పింఛనుదారు భార్య అయి, మిగిలింది భర్త అయినా పద్ధతి ఇదే.

ముందుగా తెలుసుకోవలసినది పీపీవో గురించి. పీపీవో అంటే పెన్షన్ పేమెంట్ ఆర్డర్. పదవీ విరమణ రోజుల్లో ఇచ్చే ఈ ఆదేశంలో రెండు ప్రతులు ఉంటాయి. ఒకటి పింఛనుదారు దగ్గర, ఇంకొకటి బ్యాంకు దగ్గర. ఆయనకు రావలసిన పింఛనుతో పాటు, ఆయన తరవాత కుటుంబ పింఛను ఎవరికి ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో కూడా అందులోనే రాసి ఉంటుంది. అంటే భార్య పేరు పీపీవోలో ఉంటే ఆమె పింఛను ఆ రోజే మంజూరైపోయినట్టు. భర్త పోయాక బ్యాంకు కొత్తగా మంజూరు చేసేదేమీ లేదు, మొదలుపెట్టడమే దాని పని. కాబట్టి బ్యాంకు అడగవలసిన కాగితాలు కూడా కొద్దివే.

పింఛను జమ అయ్యే ఖాతా భార్యాభర్తల జాయింట్ ఖాతా అయితే పని ఇంకా తేలిక. ‘కుటుంబ పింఛను మొదలుపెట్టండి’ అని తెల్లకాగితం మీద ఒక దరఖాస్తు, మరణ ధ్రువపత్రం నకలు, పీపీవో నకలు, ఆమె పుట్టిన తేదీకి రుజువు, ఒక హామీపత్రం ఇస్తే చాలు. పొరపాటున ఎక్కువ జమ అయితే తిరిగి తీసుకోవచ్చని ఒప్పుకునేదే ఆ హామీపత్రం. అదే జాయింట్ ఖాతా కొనసాగుతుంది. ఆయన పేరు తీసేసి ఆమె పేరు మీద నడుపుతారు. ఆమె అదే ఖాతా కావాలంటే కొత్తది తెరవమని బ్యాంకు పట్టుబట్టకూడదు. ‘ఇద్దరిలో ఎవరైనా లేదా బతికున్నవారు’ అనే షరతుతో తెరిచిన ఖాతా అయితే అందులో ఉన్న డబ్బు తీసుకోవడానికి వారసత్వ సర్టిఫికెట్ అక్కర్లేదు.

పింఛను ఆయన ఒక్కరి ఖాతాలోనే పడుతూ ఉంటే ఆమె పేరుతో ఖాతా కావాలి. ఇద్దరు సాక్షుల సంతకాలతో, నిర్ణీత ఫారంలో దరఖాస్తు ఇవ్వాలి. మిగతా కాగితాలు అవే. కుటుంబ పింఛను ఖాతాలో కొడుకునో కూతురినో జాయింటుగా చేర్చుకోవాలని చాలామంది అనుకుంటారు. పింఛను ఖాతాకు ఆ వెసులుబాటు లేదు. పింఛనుదారుతో కలిసి ఉండగలిగేది పీపీవోలో కుటుంబ పింఛనుకు పేరున్న జీవిత భాగస్వామి మాత్రమే. పిల్లలను నామినీగా రాసుకోవచ్చు.

దరఖాస్తు తీసుకున్న బ్రాంచి దాన్ని తమ బ్యాంకు కేంద్రీకృత పింఛను విభాగానికి పంపుతుంది. దాన్నే సీపీపీసీ అంటారు. పింఛను లెక్కలు కట్టేది, మార్చేది వాళ్లే. అందువల్ల బ్రాంచిలో కాగితాలు ఇచ్చి ఊరుకోకుండా, అందినట్టు సంతకం, ముద్ర వేయించుకున్న నకలు దగ్గర పెట్టుకోవాలి. ఏ తేదీన సీపీపీసీకి పంపారో కూడా అడగాలి. అడిగినప్పుడల్లా పీపీవో నంబరు చెప్పగలిగితే వెతకడం వాళ్లకూ సులువు.

మరణ ధ్రువపత్రం ఆలస్యమైతే మొత్తం పని ఆలస్యమవుతుంది. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలని చట్టం. పల్లెలో పంచాయతీ కార్యదర్శి, పట్టణంలో మునిసిపాలిటీ నమోదు చేస్తారు. గడువు దాటితే రుసుము, ఆ పైన పై అధికారి అనుమతి, స్వయంగా ధ్రువీకరించిన పత్రం, ఇలా మెట్లు పెరుగుతూ పోతాయి. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రివారు సమాచారం పంపుతారు, ఇంట్లో పోతే ఇంటివారే చెప్పాలి.

ఇక అసలు చిక్కు డబ్బు లెక్కలో ఉంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు మూల పింఛనువి, దానిమీద కరువు భృతి వేరు. భర్త వయసు 79. లెక్కకు తీసుకున్న జీతం 60,000 రూపాయలు. అందులో సగం, అంటే 30,000 ఆయన పింఛను. కుటుంబ పింఛను మామూలు రేటు జీతంలో 30 శాతం. అంటే ఆమెకు 18,000. ఈ రేటు ఎంత తక్కువ జీతమైనా నెలకు 9,000కు తగ్గదు.

ఆయన ఆగస్టు 10న పోయారనుకుందాం. ఆ పదో తేదీ వరకు ఆయన పింఛను ఇవ్వాలి. పదకొండో తేదీ నుంచి ఆమె పింఛను మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు నవంబరు నడిమిలో బ్యాంకుకు చెప్పారు. అప్పటికి ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలలకు మూడుసార్లు 30,000 చొప్పున జమ అయింది. ఆగస్టులో నిజంగా రావలసింది ఆయన పది రోజులకు 9,677, ఆమె 21 రోజులకు 12,194, కలిపి 21,871 రూపాయలు. ఆ నెలలో 8,129 ఎక్కువ పడింది. తరవాత రెండు నెలల్లో 12,000 చొప్పున 24,000 ఎక్కువ. మొత్తం 32,129 రూపాయలు, దానిమీద కరువు భృతి. ఇదంతా బ్యాంకు తిరిగి తీసుకుంటుంది. కొన్నిసార్లు ముందు ఆయన పేరున పడిన సొమ్మంతా వెనక్కి లాగి, ఆ తరవాత ఆమె బకాయిలు వేస్తారు. ఆ నడుమ పాస్‌బుక్కు చూసుకున్న ఇల్లాలు డబ్బు పోయిందని భయపడుతుంది. పోలేదు, లెక్క సరిచేస్తున్నారు. అయితే ఏ నెలకు ఎంత తీశారు, ఎంత వేశారు అనే వివరం రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.

అందుకే ఆయన పోయాక వచ్చిన పింఛను ‘ఆయన డబ్బే కదా’ అని ఖర్చు చేయకూడదు. ఆయన ఒక్కరి పేరున ఉన్న ఏటీఎం కార్డు వాడకూడదు. మరణ ధ్రువపత్రం చేతికి రాకముందే, సమాచారం మాత్రం చెబుతూ బ్యాంకుకు ఒక ఉత్తరం ఇస్తే ఎక్కువ జమ పడకుండా ఆగుతుంది.

లెక్క ఇందుకు తలకిందులుగా ఉండే సందర్భమూ ఉంది. అదే జీతంతో రిటైరైన ఇంకొకాయన 1960 జూన్ 15న పుట్టి, 2020 జూన్ నెలాఖరున పదవీ విరమణ చేశారనుకుందాం. పింఛనులో 40 శాతం కమ్యూట్ చేసి ఒకేసారి సొమ్ము తీసుకున్నారు. అందుకని 30,000లో 12,000 కోత పోయి 18,000 చేతికొచ్చేది. ఆయన 2025 ఆగస్టులో పోయారు. పదవీ విరమణ తరవాత త్వరగా పోయినవారి కుటుంబానికి కొంతకాలం హెచ్చు రేటు ఇస్తారు. అది జీతంలో సగం, అయితే ఆయనకు మంజూరైన పింఛనును మించదు. ఎంతకాలమంటే, మరణించిన నాటి నుంచి ఏడేళ్లు లేదా ఆయన బతికుంటే 67 నిండే తేదీ, ఏది ముందు వస్తే అంతవరకు. ఇక్కడ 2027 జూన్ ముందు వస్తుంది. అప్పటిదాకా ఆమెకు 30,000, ఆ తరవాత 18,000. ఆయన కమ్యుటేషన్ కోతను ఆమె పింఛనులోంచి తీయకూడదు. ఆమెకు మొదటి నెల నుంచే 18,000 మాత్రమే వేస్తుంటే పొరపాటు జరిగినట్టే. పీపీవోలో రెండు రేట్లూ రాసి ఉంటాయి, పాస్‌బుక్కుతో పోల్చి చూడాలి.

పుట్టిన తేదీ రుజువు ఎందుకని కొందరు విసుక్కుంటారు. 80 ఏళ్లు నిండాక కుటుంబ పింఛనుకు అదనంగా 20 శాతం కలుస్తుంది. మన మొదటి ఉదాహరణలోని ఆమెకు అది నెలకు 3,600. 85, 90, 95 ఏళ్లకు 30, 40, 50 శాతం. నూరేళ్లకు నూరు శాతం. ఇది ఆమె వయసును బట్టే వస్తుంది, భర్త వయసును బట్టి కాదు. పాత పీపీవోల్లో భార్య పుట్టిన తేదీ ఖాళీగా ఉండడం మామూలే. ఆ ఖాళీ నింపకపోతే 80 నిండినా కంప్యూటరుకు తెలియదు.

ఎక్కువ కుటుంబాలు తట్టుకునే రాయి పేరు. పీపీవోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. ఒకచోట ‘లక్ష్మీకాంతమ్మ’, ఇంకొకచోట ‘లక్ష్మీకాంతం’. పాన్ కార్డులో పొట్టి అక్షరాలు ముందు, బ్యాంకులో వెనక. చిన్న తేడాలను బ్యాంకు సరిచూసుకుని ఒప్పుకోవచ్చు. పీపీవోలో పేరే లేకపోతే మాత్రం బ్యాంకు ఏమీ చేయలేదు. మొదటి భార్య పోయాక, పదవీ విరమణ తరవాత రెండో పెళ్లి చేసుకున్నవారి విషయంలో ఇలా జరుగుతుంది. అప్పుడు ఆయన చివర పనిచేసిన కార్యాలయానికి దరఖాస్తు చేయాలి. అక్కడి నుంచి అకౌంట్స్ కార్యాలయానికి, అక్కడి నుంచి బ్యాంకుకు కొత్త ఆదేశం రావాలి. ఆయన బతికుండగా ఒక దరఖాస్తుతో అయ్యే పని, ఆయన లేనప్పుడు నెలల తరబడి సాగుతుంది.

పింఛను మొదలయ్యాక ఏటా నవంబరులో ఆమె తన పేరుతో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 80 దాటినవారు అక్టోబరు నుంచే ఇవ్వవచ్చు. ఫోనులో ముఖం చూపించి డిజిటల్‌గా ఇచ్చేటప్పుడు కుటుంబ పింఛను అని ఎంచుకోవాలి. కాగితాలన్నీ ఇచ్చినా బ్యాంకు కదలకపోతే కేంద్ర పింఛనుదారుల ఫిర్యాదుల వేదిక CPENGRAMS ఉంది. పీపీవో నంబరు, దరఖాస్తు ఇచ్చిన తేదీ రాసి అక్కడ ఫిర్యాదు చేయవచ్చు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల పింఛనుదారుల దారి వేరు. వారి పింఛను ట్రెజరీ నుంచి వస్తుంది కాబట్టి మరణ సమాచారం, దరఖాస్తు ముందుగా సబ్ ట్రెజరీ కార్యాలయానికి ఇవ్వాలి. రేట్లు, గడువులు ఆ రాష్ట్ర నిబంధనల ప్రకారమే ఉంటాయి.

ఇది చదువుతున్నవారి ఇంట్లో పింఛను తీసుకునే పెద్దవారు ఉంటే ఈ ఆదివారం వారి దగ్గర కూర్చుని పీపీవో తెరవండి. అమ్మ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, ఆమె పుట్టిన తేదీ రాసి ఉందా, బ్యాంకు ఖాతా ఇద్దరి పేరునా ఉందా చూడండి. ఏది లేకపోయినా నాన్న సంతకం పెట్టగలిగిన ఈ రోజుల్లోనే సరిచేయించండి.