ట్యాంకులో మడ్డి వేరు, జిగురు వేరు

మేడ మీది ట్యాంకు నుంచి కుళాయిలకు దిగే పైపు అడుగుకు ఆనుకుని ఉండదు, రెండు మూడు అంగుళాల ఎత్తులో ఉంటుంది. కుళాయిలో చుక్క రాకపోయినా లోపల ఆ మేర నీళ్లు, వాటి కింద మడ్డి మిగిలే ఉంటాయి. బోరు నీళ్లలో ఇనుము ఎక్కువుంటే ఆ మడ్డి తుప్పు రంగులో ఉంటుంది. నీళ్లలో కరిగి వచ్చిన ఇనుమే గాలి తగిలాక అలా పేరుకుంటుంది. గోడను తడిమితే చేతికి తగిలే జిగురు మాత్రం వేరే సరుకు. అది సూక్ష్మజీవులు తమ చుట్టూ అల్లుకునే పొర. బ్లీచింగ్ ఆ పొర పైపైనే చాలావరకు ఖర్చయిపోతుంది, లోపలున్న జీవులను సరిగా చేరదు. అందుకే మురికి ట్యాంకులో గుప్పెడు బ్లీచింగ్ చల్లి ఊరుకోవడం వృథా. ముందు తోమాలి, ఆ తర్వాతే మందు.

వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకునే తీసుకుందాం. ముందురోజే మోటారు ఆపేసి, అడుగున జానెడు నీళ్లు మిగిలేదాకా వాడుకోవాలి. మోటారు మెయిన్ స్విచ్ కట్టేసి, ఎవరూ వేయకుండా ఇంట్లో చెప్పి రావాలి. కిందికి దిగే పైపు వాల్వు మూసేయాలి. ఇది మరిచిపోతే కదిలిన మడ్డంతా పైపుల్లోకి దిగి కుళాయిల జాలీల్లో ఇరుక్కుంటుంది.

పొడుగు కర్రకు కట్టిన నైలాన్ బ్రష్షుతో మూత లోపలి వైపు నుంచి మొదలుపెట్టి కిందికి తోముకుంటూ రావాలి. ఇనుప బ్రష్షు వద్దు. అది గీసిన గీతల్లోనే జిగురు మళ్లీ త్వరగా పట్టుకుంటుంది. సబ్బు కూడా అక్కర్లేదు, కడిగినా ఓ పట్టాన వదలదు. మిగిల్చిన నీళ్లలో మడ్డి బాగా కలిసిపోయాక ఒక తోటపైపును నీళ్లతో నింపి, రెండు చివరలూ బొటనవేళ్లతో మూసి, ఒక చివర ట్యాంకు అడుగుకు దింపి, రెండోది పిట్టగోడ మీదుగా కిందికి వేలాడదీసి వదలండి. మురికి నీళ్లు వాటంతటవే లాక్కుని పోతాయి. నోటితో పీల్చకూడదు. చివర్లో మిగిలిన తడిని కర్రకు కట్టిన గుడ్డతో తీసి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగితే చాలు.

ఇంతా చేసినా మనిషి లోపలికి దిగనే లేదు, గమనించండి. సిమెంటు ట్యాంకు, సంపు అయితే దిగక తప్పకపోవచ్చు. అసలు ప్రమాదం అక్కడే. మూసి ఉన్న చోట ప్రాణవాయువు తగ్గిపోయి ఉండవచ్చు, అది కంటికీ ముక్కుకీ తెలియదు. మూతలన్నీ తీసి గంటల తరబడి గాలి ఆడనివ్వాలి, పైన ఒక మనిషి కదలకుండా ఉండాలి. లోపలి మనిషి పడిపోతే కాపాడదామని వెనకే దూకకండి, ఇద్దరూ పోతారు. పైనుంచి గాలి కొట్టిస్తూ 101కి ఫోన్ చేయండి. బ్లీచింగుతో పాటు యాసిడ్ ఎప్పుడూ వాడకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను కాల్చేస్తుంది.

ఇక మందు. 25 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు 200 గ్రాములు బకెట్ నీళ్లలో కలిపి అరగంట వదిలితే సున్నం అడుగుకు దిగుతుంది. పైతేట మాత్రమే ట్యాంకులో పోసి, ట్యాంకు నిండా నీళ్లు పట్టాలి. పౌడరు గడ్డకట్టి, ఘాటు లేకుండా ఉంటే దానిలో పస పోయినట్టే, కొత్తది తెచ్చుకోండి. ఆర్ఓ ఫిల్టర్ కనెక్షన్ మూసేసి (క్లోరిన్ దాని పొరను పాడుచేస్తుంది) వాల్వు తెరిచి, ఒక్కో కుళాయిలో వాసన వచ్చేదాకా నీళ్లు వదిలి కట్టేయాలి. ఒక రాత్రి అలాగే ఉంచాలి. ఆ నీళ్లు ఎవరూ తాగకుండా, వంటకు పట్టకుండా చూసుకోండి. పొద్దున వాటిని మరుగుదొడ్లు కడగడానికి వాడుకోవచ్చు, మొక్కలకు పోయవద్దు. తర్వాత వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగాలి.

కింద నీళ్లు పట్టుకునే డ్రమ్ముకూ ఇదే వరస. 200 లీటర్లకు 40 గ్రాముల పౌడరు సరిపోతుంది. అయితే డ్రమ్ము దగ్గర చూడాల్సింది ఇంకొకటుంది. డెంగీ దోమ నీటి మట్టానికి కాస్త పైన గోడకు అంటించి గుడ్లు పెడుతుంది. అవి నల్లటి చుక్కల్లా, మసి అంటినట్టు కనిపిస్తాయి. నీళ్లు ఒంపేసినా నెలల తరబడి పొడిగా అలాగే ఉండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కాబట్టి వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేసినప్పుడు అంచు కిందున్న ఆ పట్టీని గట్టిగా రుద్ది, బోర్లించి ఆరబెట్టి, నీళ్లు పట్టాక మూతగానీ గుడ్డగానీ బిగించి కట్టాలి.